పెళ్లికూతురి కుడి, ఫోటోకి ఎడమ

కొడవలూరు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ ఒక కుటుంబం, అమ్మ పెళ్లి ఫోటోను పెద్ద తైలవర్ణ చిత్రంగా గీయించింది. ఫోటో పాతది. లైటు పడి తల పైభాగం తెల్లగా పాలిపోయింది. చిత్రకారుడికి తెలుగువాళ్ల నగలు తెలియవు. అందుకని నగల వివరం రాసి పంపారు: ‘ఎడమవైపు సూర్యుడు, కుడివైపు చంద్రుడు, నారింజ పూలు, ఎర్ర బొట్టు.’

చిత్రం వచ్చింది. ముఖం అమ్మదే, అలంకారం మాత్రం కాదు. సూర్యచంద్రులు చోట్లు మారారు. కనకాంబరాలు ఉండాల్సిన చోట బంతిపూలున్నాయి. కుంకుమ బొట్టు తళతళలాడే రాళ్ల స్టిక్కరైంది.

తప్పు వివరంలోనే ఉంది. మన ఆనవాయితీలో పాపిటకు పెళ్లికూతురి కుడిపక్క సూర్యుడు, ఎడమపక్క చంద్రుడు. ఎదురుగా చూసేవారికి ఆ సూర్యుడు ఎడమవైపు కనిపిస్తాడు. ఇంట్లోవాళ్లు చూసినట్టు రాశారు. చిత్రకారుడు అమ్మ ఎడమ అనుకున్నాడు. ‘ఆమె కుడిచేతి వైపు’ అని రాస్తే ఈ చిక్కే రాదు. ముక్కుపుడకకూ, బుగ్గచుక్కకూ ఇదే పద్ధతి.

రాసేముందు ఫోటోనే తిరగబడిందేమో చూసుకోవాలి. నెగటివ్‌ను తిప్పి స్కాన్ చేస్తే కుడి ఎడమవుతుంది. మన కట్టులో పైట ఎడమ భుజం మీద ఉంటుంది. అది కుడి భుజం మీద కనిపిస్తే ఫోటోను అనుమానించాల్సిందే. వెనక బోర్డు మీద పేర్లుంటే, అక్షరాలు తిరగబడ్డాయో లేదో చూసినా తెలిసిపోతుంది.

రెండోసారి వాళ్లు ఇలా రాశారు: ‘పాపిట మధ్యగా పాపిటబిళ్ల, దాని చివరి ముత్యం నుదుటి మీదికి దిగాలి. ఆమె కుడిచేతి వైపు గుండ్రని సూర్యుడు, ఎడమచేతి వైపు నెలవంక, రెండిటికీ కెంపులే. మెడలో గుట్టపూసల హారం: కింది అంచున సన్న ముత్యాలు గుత్తులుగా వేలాడాలి, కాసులు ఉండకూడదు. బొట్టు కనుబొమల నడుమ, కందిగింజంత, మెరుపులేని పొడి కుంకుమ.’

పూల విషయంలో రంగు ఒక్కటే చెబితే చాలదు. కనకాంబరం రేకులు పల్చగా, విసనకర్రలా ఒకవైపుకు విచ్చుకుంటాయి. బంతిలా ముద్దగా ఉండవు. మల్లెలైతే మొగ్గలో, విచ్చినవో చెప్పాలి. ఎదురుగా తీసిన ఫోటోలో పూలజడ కనిపించదు కాబట్టి చెవుల వెనక ఎన్ని వరుసలు కనిపిస్తున్నాయో రాస్తే, చిత్రకారుడు ఊహించి కలపడు.

కొడవలూరు ఆడపడుచులు ఎంత దూరం వెళ్లినా ఈ నగల పేర్లు మరిచిపోలేదు. వాళ్ల పిల్లలకే ‘నెక్లెస్’ ఒక్కటే మిగులుతోంది. ఈ సెలవుల్లో ఆల్బమ్ తీసి, అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో నగ పేరు అడగండి. ఏది ఏ చేతి వైపు ఉందో వేరే కాగితం మీద రాసి, ఫోటోతో పాటే దాచండి.