పిక్కలు లావెక్కాయని మురిసిపోకండి

అయిదేళ్ళ బాబు ఉన్నాడనుకోండి. ఏడాదిన్నర దాటాక గాని నడవలేదు. పరుగెత్తబోతే పడిపోతాడు. నేల మీంచి లేవాలంటే ముందు బోర్లా తిరిగి, చేతులు మోకాళ్ళమీద, తరువాత తొడలమీద ఆనించుకుంటూ లేస్తాడు. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉంటాయి. "పహిల్వాను కాళ్ళు" అని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. కాని ఆ లావు బలం కాదు. కండలో చేరిన కొవ్వు, నారలాంటి పదార్థం.

ఈ వ్యాధి పేరు డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. కండర కణం పొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీను వీళ్ళలో తయారుకాదు. దాంతో కదిలినప్పుడల్లా పొర దెబ్బతిని, కణంలోని ఎంజైములు రక్తంలోకి చేరతాయి. రక్తపరీక్షలో సి.కె. వేలల్లో కనిపిస్తుంది. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. కూడా పెరుగుతాయి. వాటిని చూసి కాలేయం జబ్బనుకుంటే నెలలు వృథా అవుతాయి. నడక కూడా తేడాగా ఉంటే, సి.కె. చూడమని డాక్టరుగారిని అడగండి.

ఇది ఎవరివల్ల వచ్చింది? డిస్ట్రోఫిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు కనుక, ఒకటి చెడినా సాధారణంగా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఉన్నది ఒక్కటే, తల్లి ఇచ్చినది. తల్లిలో ఆ లోపం ఉంటే, పుట్టే ప్రతి కొడుక్కూ వ్యాధి రావడానికి, ప్రతి కూతురూ వాహకురాలు కావడానికి సగం అవకాశం. అందుకే మేనమామకూ ఇదే జబ్బు ఉండవచ్చు. అయితే దాదాపు మూడోవంతు పిల్లల్లో తల్లి జన్యువు సరిగానే ఉంటుంది. లోపం కొత్తగా ఏర్పడుతుంది. మేనరికం దీనికి కారణం కాదు. తల్లిని నిందించకండి. మళ్ళీ గర్భం ధరించే ముందే ఆమెకు జన్యుపరీక్ష చేయించండి.

బాబుకూ ముందు జన్యుపరీక్షే చేస్తారు. అందులో తేలకపోతే బయాప్సీ, అంటే చిన్న కండముక్క తీసి చూడటం. సూక్ష్మదర్శినిలో కండపోగులు కొన్ని సన్నగా, కొన్ని లావుగా, కొన్ని చచ్చిపోయి కనిపిస్తాయి. డిస్ట్రోఫిన్‌కు రంగు వేస్తే, పోగు చుట్టూ ఉండవలసిన గీత దాదాపు కనిపించదు. పలచగా, తెగితెగి ఉంటే అది సాధారణంగా బెకర్ అనే నెమ్మదైన రకం.

మందు మాటకొస్తే, స్టెరాయిడ్ వ్యాధిని మాన్పదు, నెమ్మదింపజేస్తుంది. నడక ఆగిపోయే రోజును సుమారు రెండు మూడేళ్ళు వెనక్కి నెడుతుంది. అందుకే బలం తగ్గకముందే మొదలుపెడతారు. ప్రెడ్నిసొలోన్ సాధారణ మోతాదు కిలో బరువుకు రోజుకు 0.75 మిల్లీగ్రాములు. మన బాబు బరువు 16 కిలోలైతే 12 మిల్లీగ్రాములు. ఉదయం, తిన్న తరువాత. మొదలుపెట్టేముందు టీకాలు, ముఖ్యంగా ఆటలమ్మ టీకా, పూర్తిచేయించండి. బరువు పెరగడం, ఎత్తు పెరగకపోవడం, ఎముకలు బలహీనపడటం, కంటిలో శుక్లాలు రావచ్చు కనుక వీటిని ఎప్పటికప్పుడు చూపించాలి.

ఒక్కటి మరవకండి. బుగ్గలు ఉబ్బాయని మందు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం. ఈ మందు వాడుతుండగా శరీరం సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేస్తుంది. వాంతులై మందు నిలవకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్ళి, బాబు స్టెరాయిడ్ వాడుతున్నాడని ముందుగా చెప్పండి.