తొలగించిన యుద్ధ దృశ్యాలు, విలేఖరుల అప్పీళ్లు

2017 ఆగస్టులో సిరియా యుద్ధం మీద పనిచేసే విలేఖరులు యూట్యూబ్ తెరిచి కంగు తిన్నారు. ఏళ్ల తరబడి పోగుపడిన వీడియోలు వేల సంఖ్యలో మాయమయ్యాయి. కొన్ని వార్తాసంస్థల ఛానెళ్లయితే మొత్తానికే మూతపడ్డాయి. బాంబు దాడుల వీడియోలను పోల్చి నిజానిజాలు తేల్చే బెల్లింగ్‌క్యాట్ వ్యవస్థాపకుడు ఎలియట్ హిగ్గిన్స్‌కూ, లండన్‌లోని మిడిల్ ఈస్ట్ ఐ పత్రికకూ ఇదే అనుభవం ఎదురైంది.

ఉగ్రవాద ప్రచారాన్ని ఏరిపారేయడానికి యూట్యూబ్ ఆ వేసవిలోనే కొత్త యంత్ర వ్యవస్థను రంగంలోకి దింపింది. అది చూసేది బొమ్మనే. శవం, నెత్తురు, తుపాకీ, జెండా కనిపిస్తే చాలు. హత్యను గొప్పగా చూపించుకునే ముఠా పెట్టిన వీడియో అయినా, ఆ హత్యకు రుజువుగా విలేఖరి పెట్టిన వీడియో అయినా దానికి ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే చాలాసార్లు రెండింట్లోనూ ఉండేది అదే దృశ్యం.

ఆ రుజువుకు ఎంత విలువుందో అదే నెలలో తేలింది. లిబియా కమాండర్ మహ్మూద్ అల్ వెర్ఫల్లీ మీద అంతర్జాతీయ నేర న్యాయస్థానం అరెస్టు వారంటు ఇచ్చింది. 33 మందిని చంపిన ఏడు ఘటనలకు ప్రధాన ఆధారాల్లో సోషల్ మీడియాలోకి ఎక్కిన వీడియోలూ ఉన్నాయి.

తీసేసిన వీడియోను తిరిగి రప్పించుకోవడానికి దారి ఉంది గానీ అది ఇరుకైనది. యూట్యూబ్ నియమాల్లో విద్య, డాక్యుమెంటరీ, శాస్త్రం, కళ కోసం పెట్టిన వీడియోలకు మినహాయింపు ఉంటుంది. విలేఖరి పట్టుకోవాల్సింది దాన్నే. అయితే ఆ ఉద్దేశం వీడియోలోనో, శీర్షికలోనో, కింది వివరణలోనో కనబడాలి. యుద్ధభూమిలో ఫోనుతో తీసి, నెట్ ఉన్న పది నిమిషాల్లో ఎక్కించేసే మనిషి ‘ఈరోజు దాడి, చూడండి’ అని రాసి వదిలేస్తాడు. చూసేవాడికి అందులో ఏమీ తెలియదు. అదే వీడియోకు ఊరు, వీధి, తేదీ, దాడి ఏ రకం, ఎవరు తీశారు, ఏ సంస్థ కోసం తీశారు అన్నవి జోడిస్తే అప్పీలు చూసే మనిషికి పట్టు దొరుకుతుంది. మన టీవీల్లో శవాన్ని మసక చేసి, వెనక యాంకర్ గొంతు వినిపిస్తారు కదా, చేసే పని దాదాపు ఇదే. కానీ సాక్ష్యంగా ఉంచాల్సిన దృశ్యాన్ని మసక చేస్తే గాయం ఎలాంటిదో, ఆయుధం ఏదో తేల్చడం కష్టమవుతుంది. అందుకే చాలామంది విలేఖరులు దానికి ఒప్పుకోరు.

అప్పీలు ఖాతాదారే పెట్టాలి, ఒక్కో స్ట్రైక్ మీద ఒక్కసారే. తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ పోతుంది, దాంతోపాటు ఏ తప్పూ లేని వీడియోలూ పోతాయి. పాత వీడియోలను యంత్రం ఒక్కసారిగా జల్లెడ పట్టినప్పుడు ఆ మూడు పడడానికి ఎంతోసేపు పట్టదు. గెలిచినా ఒక్కోసారి దక్కేది సగమే. వీడియో వయసు పరిమితితో తిరిగొస్తుంది, లాగిన్ అయిన పెద్దవాళ్లు మాత్రమే చూడగలరు. పత్రిక వెబ్‌సైటులో వార్త మధ్య అతికించిన చోట సాధారణంగా ఆడదు.

సిరియా వీడియోలు కొన్ని తిరిగొచ్చాయంటే దానికి ఈ అప్పీలు పెట్టె ఒక్కటే కారణం కాదు. తొలగింపుల మీద పెద్ద పత్రికలు వార్తలు రాశాయి. హాదీ అల్ ఖతీబ్ స్థాపించిన సిరియన్ ఆర్కైవ్ పోయిన ఛానెళ్ల జాబితాలు తయారుచేసి యూట్యూబ్ ముందు పెట్టింది. ఇన్ని కోట్ల వీడియోల్లో పొరపాట్లు జరుగుతాయనీ, దృష్టికి తెస్తే సరిదిద్దుతామనీ యూట్యూబ్ జవాబిచ్చింది. ఆ మాటలో చిక్కు ఉంది. దృష్టికి తేగలిగేది పేరున్నవాళ్లూ, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలిగినవాళ్లూ. హిగ్గిన్స్ గొంతెత్తితే వార్త అవుతుంది. అలెప్పోలో ఛానెల్ నడిపి దాడిలో చనిపోయిన కుర్రాడి తరఫున అప్పీలు పెట్టడానికి, పాస్‌వర్డు తెలిసినవాళ్లు మిగిలుంటేనే వీలవుతుంది.

2023లో గాజాలోని అల్ షిఫా ఆసుపత్రి ఆవరణలో జరిగిన దాడి వీడియో విషయంలో ఇన్‌స్టాగ్రామ్‌లో యంత్రం ఇంకో మెట్టెక్కింది. వీడియోను తీసేసింది యంత్రమే, అప్పీలును తిరస్కరించిందీ యంత్రమే. ఖాతాదారు మెటా పర్యవేక్షక మండలిని ఆశ్రయించాక, మండలి ఆ కేసును చేపట్టిన తర్వాతే వీడియో హెచ్చరిక తెరతో తిరిగి కనిపించింది. ఆ ఏడాది డిసెంబరులో ఇచ్చిన తీర్పులో మండలి తొలగింపు తప్పని చెప్పింది. అంతేకాదు, హెచ్చరిక తెర వేసి మళ్లీ సిఫారసుల నుంచి పక్కన పెట్టడాన్నీ తప్పుపట్టింది. ఈ మండలి దాకా వచ్చే అప్పీళ్లలో అది చేపట్టేవి మాత్రం కొద్దే.

ఇప్పుడు అనుభవమున్నవాళ్లు తొలగింపు జరిగాక పోరాడడం కన్నా ముందే కాపీ దాచుకోవడాన్ని నమ్ముకుంటున్నారు. సిరియన్ ఆర్కైవ్ వీడియోలను సొంత సర్వర్లలో దించి, ఎప్పుడు ఎక్కడినుంచి దించారో రాసి, ఫైలులో తర్వాత మార్పు జరగలేదని చూపే డిజిటల్ ముద్ర వేసి భద్రపరుస్తుంది. యూట్యూబ్ నుంచి దించిన ఫైలు కుదింపు పొందినదే కాబట్టి, ఫోనులోని అసలు ఫైలు దొరికితే దానికే విలువ ఎక్కువ. మెమరీ కార్డు ఖాళీ చేసుకోవడానికి ఆ అసలు ఫైలును చెరిపేసినవాళ్లకు మాత్రం యూట్యూబ్ ప్రతే ఏకైక ప్రతి.