జిమ్ ఓనర్ చదివే ప్రపోజల్ ఎలా ఉండాలి?

‘మీ పేజీని వైరల్ చేస్తాం’ అనే మెసేజ్‌లు చూసీ చూసీ జిమ్ ఓనర్లు విసిగిపోయారు. నెల రోజుల రీల్స్‌కి స్క్రిప్టులు రాసిస్తానంటూ ఒక ఫ్రీలాన్స్ రైటర్ పంపే ఉత్తరం అందులో కలిసిపోకూడదంటే, మొదటి వాక్యమే ఆ జిమ్ గురించి మాట్లాడాలి.

గుంటూరులో ఒక జిమ్ ఉందనుకుందాం. ఉదయం, సాయంత్రం రద్దీగా ఉంటుంది. పదకొండు గంటల లేడీస్ బ్యాచ్‌కి మాత్రం జనం రారు. పేజీ నిండా బైసెప్స్ వీడియోలే. రైటర్ ఇలా మొదలుపెట్టవచ్చు:

“నమస్తే సార్. మీ రీల్స్ అన్నీ ఇప్పటికే బరువులెత్తేవాళ్ల కోసం ఉన్నాయి. ఎవరు నేర్పుతారు, మోకాళ్ల నొప్పులుంటే ఏం చేయిస్తారు అని సందేహపడే గృహిణికి వాటిలో జవాబు లేదు. ఆ సందేహాలు తీర్చేలా 12 స్క్రిప్టులు రాసిస్తాను. వారానికి మూడు పెట్టుకోవచ్చు.”

మాటకు రుజువుగా ఒక శాంపిల్ జతచేయాలి. మొదటి షాట్‌లో ఒకావిడ గుమ్మం దగ్గరే ఆగి అడుగుతుంది: “జిమ్‌కి రావాలంటే ముందే సన్నగా ఉండాలా?” లేడీ ట్రైనర్ కుర్చీ చూపించి అంటుంది: “మొదటిరోజు బరువులుండవండీ. ఇందులో కూర్చుని లేవండి, చాలు.” చివర్లో బ్యాచ్ టైమ్ తెరమీద పడుతుంది. ప్రశ్న మొదటి మూడు సెకన్లలోనే రావాలి, లేకపోతే వేలు పైకి జరిపేస్తుంది. ముప్పై సెకన్లకు యాభై అరవై మాటలు దాటితే ట్రైనర్ గుక్కతిప్పుకోకుండా చదవాల్సి వస్తుంది. అందుకే రాశాక గడియారం పెట్టుకుని పైకి చదివి చూడాలి.

గొడవలు ఎక్కువగా వచ్చేది హద్దులు రాయకపోవడం వల్లే. స్క్రిప్ట్ అంటే వీడియో మొత్తం చేసిస్తారని ఓనర్ అనుకోవచ్చు. షూటింగ్, ఎడిటింగ్ తనవి కావని రైటర్ ముందే చెప్పాలి. ఒక్కో స్క్రిప్ట్‌కి రెండుసార్లు మార్పులు చేస్తానని, ఆపైన వేరే చార్జి అని రాయాలి. స్క్రిప్ట్‌కి 500 చొప్పున 6,000 రూపాయలైతే, సగం అడ్వాన్సు, మిగతాది చివరి స్క్రిప్ట్ ఇచ్చేటప్పుడు అనాలి. మొదటి నాలుగూ ఒకేసారి ఇస్తే ఒక పూటలో షూట్ చేసుకోవచ్చు.

ఫాలోవర్ల సంఖ్య రైటర్ చేతిలో లేదు కాబట్టి దానికి హామీ ఇవ్వకూడదు. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే మాట ఓనర్ అడిగినా రాయకూడదు. ఒక్కో శరీరం ఒక్కోలా స్పందిస్తుంది, తగ్గనివాళ్లు వచ్చి నిలదీసేది జిమ్‌నే. ఫలితం తెలియాలంటే రిసెప్షన్‌లో ఒక నోట్‌బుక్ చాలు. లేడీస్ బ్యాచ్ గురించి అడిగినవాళ్లలో రీల్ చూసి వచ్చినవాళ్లెందరో రాసుకుంటే, రెండో నెల కొనసాగించాలో వద్దో ఆ లెక్కే చెబుతుంది.

ముగింపులో ఒక్కటే అడగాలి: “గురువారం పన్నెండింటికి పది నిమిషాలు కలవవచ్చా సార్?” రద్దీ లేని వేళ అది. కాదనడానికి ఆయనకు పెద్దగా కారణం ఉండదు.