కొత్త మందారకు రెండు వారాల వేరు కాపురం

కడియం నర్సరీ నుంచి తెచ్చిన మందార ఎంత పచ్చగా ఉన్నా, నేరుగా పాత కుండీల మధ్య పెట్టకండి. దానికి కనీసం నాలుగైదు అడుగుల దూరంలో, వెలుతురు వచ్చే చోట రెండు వారాలు విడిగా చోటివ్వండి. ఆకులు వేరే మొక్కకు తగలకూడదు.

మందారకు ముఖ్య శత్రువు పిండినల్లి. దూదిలాంటి సంచిలో అది పెట్టిన గుడ్లు కొన్న రోజున కంటికి ఆనవు. వారం, పది రోజుల్లో పొదిగి, పిల్ల పురుగులు లేత చిగుళ్లకు పాకుతాయి. రెండు వారాల గడువు అందుకే.

రెండు మూడు రోజులకోసారి ఆకు కాడ కొమ్మను కలిసే మూల, మొగ్గల కింద, కుండీ అంచు లోపల చూడండి. తెల్లటి పొడి, ఆకుల మీద జిగురు, ముడుచుకున్న చిగురు కనిపిస్తే అనుమానించాల్సిందే. చీమలు బారులు తీరితే మరీను. ఆ తీపి జిగురు కోసమే అవి వస్తాయి.

పురుగు కొద్దిగా ఉంటే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ముడుచుకున్న చిగుళ్లు తుంచి చెత్తలో పారేయండి. ఆ రోజు నుంచి రెండు వారాల లెక్క మళ్లీ మొదలు. వేళ్లలో దాగే పిండినల్లి మాత్రం పైపై చూపుకు చిక్కదు. మొక్క కారణం లేకుండా వాడిపోతుంటే కుండీలోంచి తీసి వేళ్లు చూడాలి.