నష్టంతో పాటు పెరిగే పందెం

గేబ్ ప్లాట్‌కిన్ తెలివితక్కువ పందెం కాయలేదు. ముందుగా ఈ మాట చెప్పుకోకపోతే 2021 జనవరిలో ఆయన ఫండ్‌కు జరిగింది అర్థం కాదు. అమెరికాలో గేమ్‌స్టాప్ అనే కంపెనీ షాపింగ్ మాల్స్‌లో దుకాణాలు పెట్టి వీడియో గేమ్ డిస్కులు అమ్మేది. పిల్లలు, పెద్దలు ఆటల్ని నేరుగా ఇంటర్నెట్ నుంచి దించుకోవడం మొదలుపెట్టాక ఆ వ్యాపారం కుంచించుకుపోతూ వచ్చింది. ప్లాట్‌కిన్ 2014లో మెల్విన్ క్యాపిటల్ అనే హెడ్జ్ ఫండ్ పెట్టిన తొలిరోజుల నుంచే ఆ షేరు పడుతుందని షార్ట్ చేశారు. అప్పుడు దాని ధర 40 డాలర్ల చుట్టుపక్కల ఉండేది. 2020 వేసవి నాటికి 5 డాలర్ల లోపుకు వచ్చేసింది. ఆరేళ్లపాటు మార్కెట్ ఆయన మాటే నిజమని చూపిస్తూ వచ్చింది.

షార్ట్ చేయడమంటే మన దగ్గర లేని షేరును ఉన్నవాళ్ల దగ్గర అరువు తెచ్చి ఈ రోజు ధరకు అమ్మేయడం. రేపు ధర పడితే తక్కువకు కొని తిరిగి ఇచ్చేస్తాం, మధ్యలో మిగిలిందే లాభం. ధర పెరిగినా ఆ షేరు కొని ఇవ్వక తప్పదు. 20 డాలర్లకు షేరు కొన్నవాడికి పోయేది మహా అయితే ఆ 20 డాలర్లే. 20 డాలర్లకు షార్ట్ చేసినవాడికి రాగలిగేది మహా అయితే 20 డాలర్లు, పోగలిగేదానికి మాత్రం హద్దు లేదు. ఇంతవరకు చాలామందికి తెలిసిన సంగతే. దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. దాన్ని చూసేముందు ఆ జనవరిలో జరిగింది చెప్పాలి.

2020లో ర్యాన్ కోహెన్ గేమ్‌స్టాప్‌లో పెద్ద వాటా కొన్నారు. పెంపుడు జంతువుల సామాన్లను ఆన్‌లైన్‌లో అమ్మే చ్యూయీ కంపెనీని నిలబెట్టిన మనిషి ఆయన. 2021 జనవరి 11న ఆయన బోర్డులోకి వస్తున్నట్టు ప్రకటన వెలువడింది. మునిగిపోతుందనుకున్న కంపెనీని ఈయన గట్టెక్కిస్తాడన్న కథ మొదలైంది. కీత్ గిల్ అనే చిన్న మదుపరి అప్పటికే ఏడాదికి పైగా ఈ షేరు చవకగా ఉందని చెబుతూ, తన లాభనష్టాలను రెడిట్‌లో అందరికీ చూపిస్తున్నాడు. అతని వెనక లక్షలమంది చేరారు. వాళ్లకు ఎదుటి పక్షం ఎవరో కూడా తెలుసు. అమెరికాలో పెద్ద ఫండ్లు మూడు నెలలకోసారి తమ పెట్టుబడుల వివరాలు బయటపెట్టాలి. అందులో షార్ట్‌లు చూపించనక్కర్లేదు కానీ, ధర పడితే లాభమిచ్చే పుట్ ఆప్షన్లు చూపించాలి. మెల్విన్ జాబితాలో గేమ్‌స్టాప్ పుట్‌లు అందరికీ కనిపించాయి.

వాళ్లకు కనిపించిన మరో అంకె ఇంకా ముఖ్యమైనది. మార్కెట్లో చేతులు మారే గేమ్‌స్టాప్ షేర్లకన్నా షార్ట్ చేసినవే ఎక్కువ, నూటికి నూరు దాటాయి. ఉన్న షేర్లకంటే అరువు షేర్లు ఎక్కువెలా అవుతాయన్న సందేహం సహజం. నేను అరువు తెచ్చి అమ్మిన షేరును ఇంకొకరు కొంటారు. వాళ్ల బ్రోకరు దాన్ని మళ్లీ మరొకరికి అరువిస్తాడు, ఆ మనిషి మళ్లీ అమ్ముతాడు. ఒకే షేరు ఇలా రెండు మూడు సార్లు లెక్కకొస్తుంది. మోసమేమీ లేకుండానే ఇది జరుగుతుంది. కానీ దాని అర్థం ఒక్కటే. ఇంతమందీ ఏదో ఒక రోజు కొనక తప్పదు, అందరూ ఒకేసారి కొనాల్సి వస్తే అమ్మేవాళ్లు చాలరు. ధర పెరిగి, నష్టం భరించలేక షార్ట్ చేసినవాళ్లు కొనడం, ఆ కొనుగోలు ధరను ఇంకా పైకి తోయడం, దాంతో మరికొందరు కొనాల్సి రావడం. మార్కెట్ వాళ్లు దీన్నే షార్ట్ స్క్వీజ్ అంటారు.

జనవరి 12న షేరు 20 డాలర్ల దగ్గర ముగిసింది. మర్నాడు 31. 22వ తేదీకి 65. 26న 148. 27న 347. 28వ తేదీన ఒక దశలో 483 డాలర్లు తాకింది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మెల్విన్ లోపలి అంకెలు కాకుండా, అర్థమయ్యేందుకు ఒక చిన్న ఫండ్‌ను ఊహించుకుందాం. దాని దగ్గర 10 లక్షల డాలర్లున్నాయి. మేనేజర్ జాగ్రత్తపరుడు, రెండు శాతమే ఈ పందెంలో పెట్టాడు. అంటే 20 డాలర్ల చొప్పున 1,000 షేర్లు షార్ట్ చేశాడు, విలువ 20,000 డాలర్లు. ఎవరు చూసినా చిన్న పందెమే అంటారు.

ధర 65 అయ్యేసరికి నష్టం 45,000. ఫండ్‌లో 9,55,000 మిగిలాయి. కానీ అతను ఇంకా బాకీ ఉన్న 1,000 షేర్ల విలువ ఇప్పుడు 65,000. అంటే అతనేమీ చేయకుండానే రెండు శాతం పందెం దాదాపు ఏడు శాతమైంది. 148 దగ్గర అది మిగిలిన సొమ్ములో 17 శాతం. 347 దగ్గర ఫండ్‌లో మూడో వంతు పోయింది, మిగిలినదానిలో సగానికి పైగా ఈ ఒక్క షేరు మీదే ఆధారపడి ఉంది. ఆ సమయంలో షేరు ఇంకో 100 డాలర్లు పెరిగితే మరో లక్ష పోతుంది. మామూలుగా షేరు కొన్నవాడి విషయంలో ఇది తిరగబడి ఉంటుంది. 20కి కొన్నది 10కి పడితే నష్టం వస్తుంది, దాంతో పాటే ఫండ్‌లో దాని వాటా కూడా సగమవుతుంది. తప్పు తనంతట తానే చిన్నదవుతుంది. షార్ట్‌లో తప్పు తనంతట తానే పెద్దదవుతుంది. నేను ముందు చెప్పిన ప్రమాదం ఇదే. కొనడంలో ఆరితేరినవాళ్లు కూడా షార్ట్‌లో దెబ్బతినడానికి నా దృష్టిలో ఇదే మొదటి కారణం.

పైగా నష్టాన్ని ఎంతకాలం భరించాలో నిర్ణయించేది షార్ట్ చేసిన మనిషి ఒక్కడే కాదు. ధర పెరిగేకొద్దీ బ్రోకరు మార్జిన్ పెంచమంటాడు. అరువు ఫీజు పెరుగుతుంది. షేరు అసలు యజమాని తిరిగి ఇమ్మంటే వేరేచోట అరువు దొరకాలి, లేదా కొనివ్వాలి. తన అంచనా చివరికి నిజమైనా, అప్పటిదాకా నిలబడే డబ్బు ఉండాలి.

జనవరి 25న సిటడెల్, పాయింట్72 సంస్థలు మెల్విన్‌లో 275 కోట్ల డాలర్లు పెట్టాయి. మర్నాడు మెల్విన్ గేమ్‌స్టాప్ పొజిషన్ మొత్తం మూసేసి బయటపడింది. ఏడాది మొదట్లో దాదాపు 1,250 కోట్ల డాలర్లు చూస్తున్న ఆ ఫండ్ ఆ ఒక్క నెలలో 53 శాతం నష్టపోయింది. అదంతా గేమ్‌స్టాప్ ఒక్కదానివల్లే కాదు. అదే గుంపు మెల్విన్ షార్ట్ చేసిన ఇతర షేర్లనూ పైకి లేపింది. రిస్కు లెక్కలో తరచూ తప్పిపోయేది ఈ విషయమే. పది వేర్వేరు కంపెనీల షార్ట్‌లు కాగితం మీద పది పందేలు. వాటన్నిటినీ ఎక్కువమంది షార్ట్ చేసి ఉంటే, గుంపు కదిలిన రోజున అవి ఒక్కటే పందెం.

ఫిబ్రవరి 18న ప్లాట్‌కిన్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు మాట్లాడారు. తనలాంటి మదుపరులు ఇకమీదట ఇంత భారీ షార్ట్‌లున్న షేర్లలో చిక్కుకోవాలనుకోరని, ఆన్‌లైన్ చర్చలను కూడా దగ్గరగా గమనిస్తారని ఆయన చెప్పిన దాని సారాంశం. ఆ రోజు గేమ్‌స్టాప్ 40 డాలర్ల దగ్గర ముగిసింది. నెల కిందట చెల్లించాల్సి వచ్చిన ధరతో పోలిస్తే అది ఎంతో తక్కువ. కానీ అప్పటికి ఆయన చేతిలో ఆ పొజిషన్ లేదు. మెల్విన్ ఆ తర్వాత కొంత కోలుకున్నా, 2022లో మళ్లీ నష్టాలొచ్చి ఆ ఏడాది మే నెలలో ఫండ్‌ను మూసేస్తున్నట్టు ఆయన మదుపరులకు రాశారు.

మరి ఊహించుకున్న మన మేనేజర్ ఏం చేసి ఉండాలి? ఫండ్‌లో ఒక శాతం పోగానే బయటపడాలని ముందే రాసిపెట్టుకుంటే 30 డాలర్ల దగ్గర కట్ చేయాలి. జనవరి 13 సాయంత్రం ముగింపు ధరకు బయటపడినా నష్టం 1.14 శాతమే. బాధ కలుగుతుంది, ఫండ్ బతుకుతుంది. కానీ స్టాప్ లాస్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదని కూడా ఆ జనవరే చూపించింది. 26న 148 దగ్గర ముగిసిన షేరు మర్నాడు ఉదయం 354 దగ్గర మొదలైంది. 160 దగ్గర స్టాప్ పెట్టుకున్నవాడికి ఆ ధరకు కొనే అవకాశమే రాలేదు, మార్కెట్ తెరవగానే రెట్టింపు ధరకు కొనాల్సి వచ్చింది. అందుకే అసలు హద్దు ధర మీద కాదు, పరిమాణం మీద ఉండాలి. ఇది ఐదింతలైతే ఎంత పోతుందని ముందు అడిగి, ఆ పోయేది రెండు శాతం మించకూడదనుకుంటే, పొజిషన్ ఫండ్‌లో అర శాతమే ఉండాలి. అంటే 250 షేర్లు. జనవరి 27న కూడా అతని నష్టం 8.2 శాతమే. పందెం పెరిగినప్పుడల్లా దాన్ని కోసి మొదటి పరిమాణానికి తేవడం, షార్ట్‌లు కిక్కిరిసిన షేరును అసలు ముట్టుకోకపోవడం దీనికి తోడు. పుట్ ఆప్షన్ కొనుక్కుంటే పోయేది కట్టిన ప్రీమియమే. అయితే ఊపు మీదున్న షేర్లలో ఆ ప్రీమియం మండిపోతుంటుంది, గడువులోగా ధర పడకపోతే అంతా పోతుంది.

మన మార్కెట్లలో రూపం వేరు. చిన్న ట్రేడర్ క్యాష్ సెగ్మెంట్‌లో షార్ట్ చేస్తే అదే రోజు స్క్వేర్ ఆఫ్ చేయాలి. షేరు అప్పర్ సర్క్యూట్‌లో తగులుకుంటే అమ్మేవాళ్లే ఉండరు, అప్పుడు ఎక్స్ఛేంజి వేలంలో దొరికిన ధరకు కొని ఇవ్వాల్సి వస్తుంది. చిన్న షేర్లలో ఉదయం షార్ట్ కొట్టి మధ్యాహ్నానికి బయటికి దారి లేక కూర్చునేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

గేమ్‌స్టాప్ పెరుగుదలంతా షార్ట్ చేసినవాళ్ల కొనుగోళ్లవల్లే అనుకోవడం కూడా సరికాదు. అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ సిబ్బంది 2021 అక్టోబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం మొత్తం కొనుగోళ్లలో వాళ్లవి చిన్న భాగమే. వాళ్లు కొనేశాక కూడా జనం ఉత్సాహమే ధరను వారాల తరబడి నిలిపింది. స్క్వీజ్ అయిపోయింది, ఇక పడుతుందని మధ్యలో కొత్తగా షార్ట్ చేయడం అందుకే అంత ప్రమాదం.

2024 మే నెలలో కీత్ గిల్ మూడేళ్ల తర్వాత మళ్లీ ఆన్‌లైన్‌లో కనిపించాడు. గేమ్‌స్టాప్ 17 డాలర్ల నుంచి రెండు రోజుల్లో 48కి ఎగిరింది, మధ్యలో 64 కూడా దాటింది. షార్ట్ చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, కానీ చేతులు మారే షేర్లలో నాలుగో వంతు మేరకే. అదే వారం చివరికి షేరు 22 డాలర్లకు దిగింది, ఈసారి మెల్విన్ స్థాయి ఫండ్ ఏదీ మునిగిన వార్త రాలేదు.