థర్మోకోల్ కప్పులో చల్లదనం కొలత

అమ్మోనియం నైట్రేట్ నీటిలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న నీటి నుంచి వేడిని లాక్కుంటుంది. స్ఫటికంలోని అయాన్లను విడదీయడానికి పట్టే శక్తి, నీటి అణువులు వాటిని చుట్టుముట్టినప్పుడు విడుదలయ్యే శక్తి కంటే ఎక్కువ. ఆ లోటును నీరే భరించి చల్లబడుతుంది. ఒక మోల్ లవణం కరగడానికి పీల్చుకునే వేడే ద్రావణ ఎంథాల్పీ. బాగా పలుచని ద్రావణానికి దాని విలువ మోల్‌కు సుమారు +25.7 కిలోజౌళ్లు.

దీన్ని కొలవడానికి మూతగల థర్మోకోల్ కప్పు, థర్మామీటర్, గడియారం చాలు. పాలీస్టైరీన్ నురుగులో చిక్కుకున్న గాలి వేడిని తేలిగ్గా దాటనివ్వదు. అయినా పూర్తిగా ఆపలేదు. సాధారణంగా కెలోరీమీటర్‌లో భయం వేడి బయటికి పోతుందనే. ఇక్కడ ద్రావణం గది కంటే చల్లగా ఉంటుంది కాబట్టి వేడి లోపలికి వస్తుంది. లవణం పూర్తిగా కరిగేలోపే ద్రావణం కొంత వేడెక్కుతుంది. అందువల్ల థర్మామీటర్ చూపే కనిష్ఠం అసలు కనిష్ఠం కాదు.

ఈ లోపాన్ని గ్రాఫుతో సరిదిద్దుతారు. ఉదాహరణకు, కప్పులో 100 గ్రాముల నీరు తీసుకుని మూడు నిమిషాల పాటు ఉష్ణోగ్రత నమోదు చేస్తే అది 25.0 డిగ్రీల దగ్గర నిలకడగా ఉందనుకుందాం. నాలుగో నిమిషాన 8.00 గ్రాముల పొడి లవణం, అంటే 0.1 మోల్, వేసి కలుపుతారు. ఆరో నిమిషాన ఉష్ణోగ్రత 19.6 డిగ్రీలకు దిగి, అక్కడి నుంచి నిమిషానికి 0.1 డిగ్రీ చొప్పున పెరిగి పదో నిమిషానికి 20.0 అవుతుంది. పైకి వెళ్తున్న ఈ గీతను వెనక్కి, లవణం వేసిన నాలుగో నిమిషం వరకు పొడిగిస్తే 19.4 వస్తుంది. కాబట్టి అసలు తగ్గుదల 5.4 కాదు, 5.6 డిగ్రీలు.

ద్రావణం బరువు 108 గ్రాములు. దాని విశిష్టోష్ణం నీటిదే, అంటే 4.18 అనుకుంటే, 108 × 4.18 × 5.6 = 2,528 జౌళ్లు. మోల్‌కు 25.3 కిలోజౌళ్లు. సవరణ లేకపోతే ఇది 24.4 దగ్గరే ఆగేది.

గ్రాఫు అన్ని లోపాలనూ తీర్చదు. కప్పు, థర్మామీటర్ కూడా నీటితోపాటు చల్లబడి తమ వేడిని ఇస్తాయి. దాన్ని లెక్కలో కలపకపోతే ఫలితం తగ్గుతుంది. ద్రావణం అసలు విశిష్టోష్ణం 4.18 కంటే కొంత తక్కువ కాబట్టి, నీటి విలువ వాడితే ఫలితం పెరుగుతుంది. ఈ రెండూ ఎదురెదురు దిశల్లో లాగుతాయి కనుక, జవాబు ప్రామాణిక విలువకు దగ్గరగా వచ్చినంత మాత్రాన కొలత కచ్చితమని అనుకోకూడదు.

లవణం గాలిలోని తేమను పీల్చుకుంటే, తూచిన బరువులో కొంత నీరే ఉండి ఫలితం తగ్గుతుంది. అమ్మోనియం నైట్రేట్ బలమైన ఆక్సీకారిణి కాబట్టి దాన్ని వేడిచేసి ఆరబెట్టకూడదు. బిగుతైన మూత ఉన్న సీసాలో భద్రపరచి, తూచిన వెంటనే వాడాలి. కలిపిన తర్వాతి గీత వంపు తిరిగి ఉంటే, అడుగున ఇంకా కరగని స్ఫటికాలు ఉన్నాయేమో చూడాలి. అలాంటి గీతను వెనక్కి పొడిగించి తీసిన విలువను నమ్మడానికి వీల్లేదు.