తలలు లెక్కిస్తే డబ్బు కనిపిస్తుందా?

బిట్‌కాయిన్ ఫ్యూచర్స్ ఆడేవాళ్ల గ్రూపుల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: "75 శాతం మంది లాంగ్‌లో ఉన్నారు, ఇక పడటం ఖాయం." గుంపు ఎటు నిలబడితే దానికి ఎదురు నిలబడాలన్నది ఆ మాట వెనకున్న సూత్రం. దానికి సాక్ష్యంగా చూపించేది లాంగ్-షార్ట్ ఖాతాల నిష్పత్తి. బైనాన్స్ వంటి ఎక్స్ఛేంజీలు ప్రతి కాయిన్‌కూ ఈ అంకెను ఐదు నిమిషాలకోసారి ఉచితంగా చూపిస్తాయి. చూడగానే అర్థమైనట్టుంటుంది కాబట్టే దీన్ని నమ్మి డబ్బు పెట్టేవాళ్లు ఎక్కువ. కానీ అది కొలిచేది చాలామంది అనుకునేదాన్ని కాదు.

ముందు లెక్క చూద్దాం. పర్పెచువల్ ఫ్యూచర్స్‌లో ఒకరు లాంగ్ తీసుకోవాలంటే అంతే పరిమాణానికి మరొకరు షార్ట్ తీసుకోవాల్సిందే. ఒక కాయిన్ మీద 3,000 కాంట్రాక్టులు తెరిచి ఉంటే లాంగ్ 3,000, షార్ట్ 3,000. ఇందులో ఎక్కువ తక్కువలకు చోటు లేదు. మరి 75 శాతం లాంగ్ అంటే ఏమిటి? అది ఖాతాల సంఖ్య. పది డాలర్లు పెట్టిన కుర్రాడి ఖాతా ఒకటే, కోటి డాలర్లు పెట్టిన సంస్థ ఖాతా కూడా ఒకటే. వంద ఖాతాల్లో 75 లాంగ్, 25 షార్ట్ అనుకుందాం. నిష్పత్తి 3. ఆ 3,000 కాంట్రాక్టులను లాంగ్‌లో 75 మంది పంచుకుంటే తలా 40 వస్తాయి, షార్ట్‌లో 25 మంది పంచుకుంటే తలా 120. షార్ట్ వేసినవాడి సగటు పరిమాణం లాంగ్ వేసినవాడికి సరిగ్గా మూడింతలు. ఇది కాకతాళీయం కాదు, ఎప్పుడూ ఇంతే. ఖాతాల నిష్పత్తి ఎంతో, సగటు షార్ట్ సగటు లాంగ్‌కు అన్ని రెట్లు ఉంటుంది. అంటే ఈ అంకె చెప్పేది ఒక్కటే: చిన్నవాళ్లు ఎటున్నారు, పెద్దవాళ్లు ఎటున్నారు.

"అదే కదా మేం చెప్పేది, పెద్దవాళ్లు షార్ట్‌లో ఉన్నారంటే ధర పడుతుందని వాళ్లకు తెలిసినట్టేగా" అని వెంటనే ఎవరైనా అంటారు. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పెద్ద షార్ట్‌లలో చెప్పుకోదగ్గ భాగం ధర పడుతుందన్న నమ్మకంతో వేసినవి కావు. మామూలు మార్కెట్లో కాయిన్ కొని, అంతే పరిమాణానికి ఫ్యూచర్స్‌లో షార్ట్ వేసేవాళ్లుంటారు. ధర పెరిగినా తగ్గినా వాళ్లకు ఒకటే. వాళ్లకు కావలసింది ఫండింగ్. ఫ్యూచర్స్ ధర అసలు ధర కంటే పైన నడుస్తున్నప్పుడు లాంగ్‌లో ఉన్నవాళ్లు షార్ట్‌లో ఉన్నవాళ్లకు సాధారణంగా ఎనిమిది గంటలకోసారి కట్టే సొమ్ము అది. బైనాన్స్‌లో మామూలు రోజుల్లో ఇది 0.01 శాతం దగ్గర తిరుగుతుంది. ఏడాదికి లెక్కేస్తే 11 శాతానికి కాస్త తక్కువ. 2024లో జనంలోకి వచ్చిన ఎథీనా అనే ప్రాజెక్టు తన డాలర్ కాయిన్‌ను నిలబెట్టేది ఈ పద్ధతి మీదే: చేతిలో ఈథర్, బిట్‌కాయిన్ వంటివి పెట్టుకుని, అంతే విలువకు ఫ్యూచర్స్‌లో షార్ట్ ఉంచుతుంది. మార్కెట్ మేకర్లూ తమ దగ్గరున్న సరుకుకు రక్షణగా షార్ట్ వేస్తారు. ఇంకొకరు ఇక్కడ షార్ట్ వేసి వేరే ఎక్స్ఛేంజీలో లాంగ్ పెట్టుకుని ఉండొచ్చు. ఒక ఎక్స్ఛేంజీ అంకెకు ఆ రెండో కాలు కనిపించదు. కాబట్టి నిష్పత్తి 3 కనిపించినంత మాత్రాన తెలివైన డబ్బంతా పతనం మీద పందెం కట్టిందని కాదు. చిల్లర మదుపరులు ఆశతో కొంటున్నారు, వాళ్లకు అమ్మేవాళ్లలో చాలామంది వడ్డీ కోసం అమ్ముతున్నారు అని కూడా కావచ్చు.

బైనాన్స్ దీనికి తోడు అగ్ర ట్రేడర్ల నిష్పత్తిని కూడా ఇస్తుంది. మార్జిన్ నిల్వలో పై 20 శాతం ఖాతాలను విడదీసి, వాళ్ల తలల లెక్క ఒకటి, వాళ్ల పొజిషన్ల పరిమాణాల లెక్క ఒకటి. పరిమాణాల లెక్క తలల లెక్క కంటే నయమే, కానీ పైన చెప్పిన కొని-షార్ట్-వేసే వాళ్లు అందులోనూ ఉంటారు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. చార్టు మీద ధరనూ ఈ నిష్పత్తినీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే అద్భుతంగా కనిపిస్తుంది. నిష్పత్తి ఎక్కిన చోటల్లా ధర పడి ఉంటుంది, దిగిన చోటల్లా లేచి ఉంటుంది. ఎదురీత సంకేతం పనిచేస్తోందనిపిస్తుంది. అయితే ఏది ముందు, ఏది వెనక?

ఊహించిన అంకెలతో ఒక మధ్యాహ్నాన్ని దగ్గర నుంచి చూద్దాం. ఒక కాయిన్ మీద వెయ్యి ఖాతాలున్నాయి, 640 లాంగ్, 360 షార్ట్. నిష్పత్తి 1.78. ఏదో వార్త వచ్చి రెండు గంటల్లో ధర 6 శాతం పడింది. లాంగ్‌లో 20 ఖాతాలు మార్జిన్ చాలక లిక్విడేట్ అయ్యాయి. షార్ట్‌లో ఉన్న 60 మంది లాభం తీసుకుని బయటికొచ్చారు. అంతకుముందు ఏ పొజిషనూ లేని 150 మంది "చవగ్గా దొరుకుతోంది" అని చిన్న చిన్న లాంగ్‌లు తీసుకున్నారు. వాళ్లకు అమ్మింది పాత లాంగ్‌ల నుంచి బయటపడుతున్నవాళ్లు, షార్ట్ పెంచుకుంటున్న పెద్ద ఖాతాలు. ఇప్పుడు లాంగ్ 770, షార్ట్ 300, నిష్పత్తి 2.57. సాయంత్రం చార్టు తెరిచినవాడికి ధర పడటం, నిష్పత్తి ఎగబాకడం పక్కపక్కనే కనిపిస్తాయి. గుంపు లాంగ్ ఎక్కింది కాబట్టి ధర పడిందని రాసుకుంటాడు. జరిగింది అందుకు పూర్తిగా తిరగబడి ఉంది. ధర పడింది కాబట్టే గుంపు లాంగ్ ఎక్కింది. చిల్లర మదుపరులు పడినప్పుడు కొంటారు, లేచినప్పుడు లాభం తీసుకుంటారు లేదా షార్ట్ వేస్తారు. ఆ అలవాటు ఒక్కటే ఈ రెండు గీతలనూ ఎదురెదురుగా నడిపించడానికి చాలు.

అందుకే ఈ సంకేతాన్ని పరీక్షించాలంటే రెండు పనులు తప్పనిసరి. ఒకటి, గంట ముగిశాక వచ్చిన నిష్పత్తిని ఆ తర్వాతి గంట ధరతో మొదలుపెట్టి ముందుకు జరిగిన కదలికతోనే పోల్చాలి, అదే గంట కదలికతో కాదు. రెండోది ఇంకా ముఖ్యం. ధర దాదాపు ఒకేలా, అంటే 5 నుంచి 7 శాతం వరకు పడిన రోజులన్నీ ఒకచోట చేర్చాలి. వాటిని నిష్పత్తి బాగా ఎక్కినవి, పెద్దగా ఎక్కనివి అని రెండు కుప్పలు చెయ్యాలి. తర్వాతి 24 గంటల్లో రెండు కుప్పల ఫలితం దాదాపు ఒకటే వస్తే నిష్పత్తి మనకు కొత్తగా చెప్పిందేమీ లేదు. ధర పడిందన్న సంగతినే ఇంకో గీతతో చెప్పింది. ఈ పరీక్షకు చాలామంది దిగరు. బైనాన్స్ ఏపీఐ గత 30 రోజుల నిష్పత్తినే ఇస్తుంది. దాని మీదే ఆధారపడేవాడికి నెల రోజులే దిక్కు. నెల రోజుల్లో మార్కెట్ ఒకే ధోరణిలో ఉండిపోవచ్చు కాబట్టి 'అసాధారణం' అనుకున్నది మూడు నెలల లెక్కలో మామూలే కావచ్చు. ఒక కాయిన్‌కు 2 ఎక్కువ, ఇంకో దానికి అది నిత్యం ఉండే స్థాయి. అన్నిటికీ ఒకే గీత గీసి "2 దాటితే అమ్మేయండి" అనే సలహా అందుకే నిలబడదు.

టేకర్ కొనుగోలు-అమ్మకాల నిష్పత్తి వేరే జాతిది. పొలం బేరంలో అమ్మేవాడు ఒక ధర చెప్పి కూర్చుంటాడు, కొనేవాడు ఒక ధర చెప్పి కూర్చుంటాడు. చివరికి ఆగలేక ఎదుటివాడి ధరకు ఒప్పుకున్నవాడే ఇక్కడ టేకర్. ఆర్డరు పెట్టి ఎదురుచూసేవాడు మేకర్. ఒక గంటలో టేకర్లు కొన్నది 600 కాయిన్లు, అమ్మినది 500 అయితే నిష్పత్తి 1.2. ఇది తలల లెక్క కాదు, నిజమైన పరిమాణం. తొందర ఎవరికుందో చెబుతుంది. ఆ మేరకు ఖాతాల నిష్పత్తి కంటే నిజాయితీ గల అంకె.

కానీ తొందరకు కారణమేమిటో అది చెప్పదు. లాంగ్ వేసినవాడి మార్జిన్ అయిపోతే ఎక్స్ఛేంజీయే అతని పొజిషన్‌ను దొరికిన ధరకు అమ్మేస్తుంది. ఆ అమ్మకం కూడా టేకర్ అమ్మకం ఖాతాలోకే పోతుంది. 2025 అక్టోబర్ 10న చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకం వేస్తామని ట్రంప్ ప్రకటించాక, ఒక్క రోజు వ్యవధిలో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయని కాయిన్‌గ్లాస్ లెక్క తేల్చింది. అందులో అత్యధికం లాంగ్‌లే. అలాంటి గంటలో టేకర్ అమ్మకాలు ఎంత ఎక్కువున్నా అది ధర ఇంకా పడుతుందని నమ్మినవాళ్ల బలం కాదు, మెడ మీద కత్తి పెట్టి అమ్మించినది. ఎదురీదేవాడు "ఇంతమంది భయపడి అమ్మారు, ఇప్పుడు కొంటాను" అనుకుంటే, వరసలో ఇంకెన్ని లిక్విడేషన్లు మిగిలున్నాయో ఆ అంకెలో లేదు. దానికి ఓపెన్ ఇంటరెస్ట్ పక్కన పెట్టుకోవాలి. టేకర్ అమ్మకాలు సాగుతుండగా ఓపెన్ ఇంటరెస్ట్ వేగంగా కరుగుతుంటే పాత పొజిషన్లు ఖాళీ అవుతున్నట్టు. అది పెరుగుతుంటే కొత్తగా షార్ట్‌లూ వచ్చి చేరుతున్నట్టు. నిష్పత్తి ఒకటే, అర్థాలు రెండు.

టేకర్ కొనుగోళ్లు 1.3 మీద గంటల తరబడి నిలిచినా ధర కదలని సందర్భాలూ ఉంటాయి. పైన ఎవరో పెద్ద పరిమాణంలో అమ్మకపు ఆర్డర్లు పరిచి నింపాదిగా అందిస్తున్నారన్నమాట. నిష్పత్తిని మాత్రమే చూసేవాడికి అది బలంలా కనిపిస్తుంది. ధరను కూడా చూసేవాడికే అడ్డుగోడ తెలుస్తుంది.

ఈ రెండు అంకెలూ పూర్తిగా పనికిరావని నేననను. ఖాతాల నిష్పత్తి ఆ కాయిన్ తన సొంత చరిత్రలో అరుదుగా చూసే ఎత్తులో ఉండి, ఓపెన్ ఇంటరెస్ట్ పెరుగుతూ, ఫండింగ్ కూడా 0.1 శాతానికి చేరితే సంగతి వేరు. రోజుకు మూడుసార్లు కడితే 0.3 శాతం. పదింతల లీవరేజీ మీద ఉన్నవాడికి అది తన మార్జిన్‌లో రోజుకు 3 శాతం. అంత కట్టి ఎక్కువ రోజులు కూర్చోలేరు. చిన్న పతనానికే జారిపోయే లాంగ్‌లు పోగయ్యాయని అప్పుడు చెప్పొచ్చు. ఎప్పుడు జారతాయో మాత్రం చెప్పలేం. బలమైన పెరుగుదలలో అలాంటి స్థితి రోజుల తరబడి సాగుతుంది, మొదటి రోజే షార్ట్ వేసినవాడి మార్జిన్ ఆ లోపే అయిపోతుంది.

ఎదురీతకు అసలు హద్దు 2022 మే నెలలో లూనా దగ్గర కనిపించింది. నెల మొదట్లో 80 డాలర్ల పైన ఉన్న కాయిన్, దానికి జంటగా ఉన్న యూఎస్‌టీ డాలర్ కట్టు తెగడంతో, వారం తిరిగేసరికి సెంటులో చిన్న వంతుకు దిగింది. గుంపు షార్ట్‌లో ఉంటే కొనాలన్నది సూత్రమైతే, ఆ వారంలో షార్ట్ వేసిన గుంపే ఒప్పు. కారణం ఫ్యూచర్స్‌లో లేదు. యూఎస్‌టీని వదిలించుకునేవాళ్లకు బదులుగా టెర్రా వ్యవస్థ లూనాలను అచ్చువేస్తూ పోయింది. 35 కోట్ల దగ్గరున్న సరఫరా కొద్ది రోజుల్లో ఆరున్నర లక్షల కోట్లకు చేరింది. ఖాతాల నిష్పత్తి ఎటు చూపినా, టేకర్లు ఎంత కొన్నా, ఆ ముద్రణ ఈ రెండు అంకెల్లో ఎక్కడా నమోదు కాదు.